ఒకరి మార్కులు, ఇంకొకరి గ్రేడు

పదిమంది ఉన్న ఒక ఇంజినీరింగ్ క్లాసు, కాస్త గట్టిగా వచ్చిన పేపరు. వందకు వచ్చిన మార్కులు ఇవీ అనుకుందాం: 62, 54, 50, 50, 46, 44, 44, 40, 36, 34.

హైదరాబాద్ జేఎన్‌టీయూలో లాగా గీతలు ముందే గీసి ఉంటే లెక్క తేలిక. 90, ఆపైన వస్తే అన్నిటికన్నా పైదైన 'ఓ' గ్రేడు, అక్కణ్ణుంచి పదేసి మార్కులకు ఒక్కో మెట్టు కిందికి, 40 లోపు ఫెయిల్. మన క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లకు దక్కేది బీ ప్లస్, చివరి ఇద్దరూ ఫెయిల్. పేపరు కష్టంగా ఇచ్చిన మాస్టారి తప్పు కూడా పిల్లల మెమోలోనే పడింది. 40 అనే అంకెకు ఆ ఏడాది పేపరు ఎలా వచ్చిందో తెలియదు కదా.

ఆ లోపాన్ని సరిచేయడానికే రిలేటివ్ గ్రేడింగ్ వచ్చింది. ఇందులో గీతల్ని క్లాసు మార్కులే గీస్తాయి. ముందు సగటు తీస్తారు, ఇక్కడ అది 46. తర్వాత ఒక్కొక్కరూ సగటుకు ఎంత దూరంలో ఉన్నారో చూసి, ఆ దూరాల్ని వర్గం చేసి, వాటి సగటుకు వర్గమూలం కడతారు. ఇదే ప్రామాణిక విచలనం, మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. ఇక్కడ సరిగ్గా 8. సగటుకు ఒకటిన్నర విచలనాలు పైన, అంటే 58 నుంచి ఎస్ గ్రేడు. అర విచలనం పైన, అంటే 50 నుంచి ఏ. అర విచలనం కింద, 42 వరకూ బీ. ఒక విచలనం కింద, 38 వరకూ సీ. ఒకటిన్నర కింద, 34 వరకూ డీ. ఫస్టు వచ్చిన పిల్లకు ఎస్ దక్కింది, చివరి ఇద్దరికీ డీ వచ్చింది. పేపరు కష్టం మొత్తం సగటులోకి ఇంకిపోయింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు ఒక్క అంకె మారుద్దాం. 62 వచ్చిన పిల్ల ఇంకా బాగా చదివి 92 తెచ్చుకుంది. మిగతా తొమ్మిదిమందివీ అవే పేపర్లు, అవే మార్కులు. సగటు 49 అయింది, విచలనం మాత్రం 8 నుంచి ఏకంగా 15.5కి ఎగబాకింది. దూరాల్ని వర్గం చేస్తాం కాబట్టి ఆ ఒక్క పిల్లే మొత్తంలో ముప్పావు వంతుకు పైగా తూగింది. ఏ గ్రేడు గీత దాదాపు 57కి జరిగింది, 54, 50, 50 వచ్చిన ముగ్గురూ ఏ నుంచి బీకి జారారు. ఇంకా విచిత్రం అడుగున జరిగింది: సీ గీత 33.5కి దిగడంతో 36, 34 వాళ్లు డీ నుంచి సీకి లేచారు. "సార్, నా పేపరు మారలేదు కదా, గ్రేడెందుకు మారింది?" అని ఆ ముగ్గురిలో ఎవరైనా అడిగితే న్యాయమైన జవాబు నా దగ్గర లేదు.

మొదటి లెక్కలోనే ఇంకో మెలిక ఉంది. ఎక్సెల్‌లో `STDEV.P` వాడితే 8 వస్తుంది. `STDEV.S` వాడితే అది 10తో కాకుండా 9తో భాగించి 8.43 ఇస్తుంది. అప్పుడు ఏ గీత 50.2. సరిగ్గా 50 తెచ్చుకున్న ఇద్దరికీ ఏ పోయి బీ వచ్చింది, అదీ ఫార్ములా చివరి ఒక్క అక్షరం వల్ల. క్లాసులో రెండొందల మంది ఉంటే ఈ తేడా కంటికి ఆనదు. పదిమందిలో ఇద్దరి గ్రేడు తిరగబడింది.

అందరూ బాగా రాసిన క్లాసులో బాధ వేరు. సగటు 90, విచలనం 2 అనుకోండి. 93కి ఎస్, 88కి సీ, 87కి డీ. అదే పేపరు ఇంకో మాస్టారు దిద్దితే ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ అవుతాయి. అంత చిన్న తేడాను పట్టుకుని పిల్లల్ని ఐదు మెట్ల మీద నిలబెడుతున్నాం. ఇలాంటి క్లాసులో ముందే గీసిన గీతే నిజాయితీగా ఉంటుంది.

నన్నడిగితే పాస్ గీతను విచలనంతో గీయకూడదు. సబ్జెక్టు వచ్చా రాదా అన్నది పక్కవాడి మార్కుల్ని బట్టి తేలే విషయం కాదు. పేపరు సెట్ చేసినప్పుడే ఇద్దరు ముగ్గురు మాస్టార్లు కూర్చుని, బొటాబొటిగా పాసయ్యే పిల్లవాడు ఒక్కో ప్రశ్నలో ఎన్ని మార్కులు తెచ్చుకోగలడో అంచనా వేసి కూడితే ఆ గీత వస్తుంది. కష్టమైన పేపరుకు అది 40 కాక 33 కావచ్చు. పాసైనవాళ్ల మధ్య మెట్లకు విచలనం వాడొచ్చు, క్లాసు పెద్దదైతేనే. 90 దాటిన వాళ్ల పై గ్రేడును మాత్రం ఏ లెక్కా ముట్టుకోకూడదు. గీత ఖరారు చేసే ముందు మార్కుల్ని వరసగా రాసుకుని చూడాలి. మన వరసలో 50, 50 తర్వాత 46 దాకా ఎవరూ లేరు. గీత 50 మీద పడ్డా, 50.2 మీద పడ్డా, దాన్ని ఆ ఖాళీలోకి, 48కి దించితే ఆ ఇద్దరి గ్రేడు ఏ ఫార్ములా మీదా ఆధారపడదు.