"ప్రయాణ ఖర్చులు 1,20,000" అని రాస్తే ఎందుకు చాలదు? బడ్జెట్ జస్టిఫికేషన్‌పై అపోహలు - వాస్తవాలు

విశాఖలో చిన్న స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్ ప్రపోజల్స్ రాసిపెట్టడం నా పని. ప్రపోజల్‌లో ఒక్కో ఖర్చూ ఎందుకో, ఎంతో వివరించే భాగమే బడ్జెట్ జస్టిఫికేషన్. మంచి ప్రాజెక్టులు కూడా అక్కడే ప్రశ్నలతో వెనక్కి రావడం చాలాసార్లు చూశాను. భీమిలి తీరంలో ఎండు చేపలు అమ్ముకునే మహిళల కోసం రాసిన ఒక ప్రపోజల్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. సులువుగా అర్థం కావాలని అంకెలను కాస్త సరళం చేశాను.

ప్రాజెక్టు ఇది: ఇసుక మీద ఆరబెడితే చేపకు ఇసుక అంటుకుంటుంది, ధర పడిపోతుంది. అందుకని 6 ఊళ్లలో వలలు పరిచిన ఎత్తైన బల్లలు వేయించాలి. ఊరికి 25 మంది చొప్పున 3 రోజుల శిక్షణ ఇవ్వాలి. ఆ తర్వాత 6 నెలలు నెలకోసారి ఊరూరికీ వెళ్లి చూడాలి.

అపోహ: టేబుల్‌లో లెక్క ఉంది కదా, దాన్నే మాటల్లో రాస్తే జస్టిఫికేషన్ అయిపోతుంది.

మొదటి డ్రాఫ్ట్‌లో ఉన్నది ఒకటే వాక్యం: "ప్రాజెక్టు అమలుకు అవసరమైన ప్రయాణాలకు 1,20,000 రూపాయలు." ఇది ఏ ప్రాజెక్టుకైనా సరిపోయే వాక్యం, కాబట్టి చదివేవారికి ఇందులో తెలిసేది ఏమీ లేదు. ఈ అంకె ఎలా వచ్చిందని అకౌంటెంట్‌ని అడిగాను. "ట్రావెల్ కదా మేడం, పోయినేడాది అయినదే వేశాను" అన్నారు. పోయినేడాది పని వేరు, ఊళ్లు వేరు.

పని ప్రణాళిక పక్కన పెట్టుకుని మళ్లీ లెక్క వేశాం. శిక్షణ 6 ఊళ్లలో 3 రోజుల చొప్పున 18 రోజులు. ఇద్దరు శిక్షకులు, సామాన్లు వెళ్లాలి కాబట్టి కారు కావాలి. రోజుకు 2,500 చొప్పున 45,000. నెలవారీ సందర్శనలు 36. వీటికి కోఆర్డినేటర్ ఒక్కరే బైక్ మీద వెళ్తారు. రానూపోనూ 60 కిలోమీటర్లు, కిలోమీటరుకు 5 రూపాయల చొప్పున 10,800. మొత్తం 55,800. మిగతా 64,200 ఏ పనికో ఎవరూ చెప్పలేకపోయారు.

తర్వాత వెనక నుంచి చూశాం. ప్రణాళికలోని ఒక్కో పనినీ తీసుకుని, దీనికి డబ్బు ఎక్కడుందని వెతికాం. బల్లల సామాను ఖర్చు ఉంది, దాన్ని నగరం నుంచి ఊళ్లకు చేర్చే ఖర్చు ఎక్కడా లేదు! మినీ లారీ 6 ట్రిప్పులు, ట్రిప్పుకు 3,500 చొప్పున 21,000. అది కలిపితే 76,800. రెండు వైపుల నుంచీ చూడకపోతే ఈ పొరపాటు దొరకదు.

చివరికి నిలిచిన వాక్యం ఇలా ఉంది: "కార్యక్రమం 2 (శిక్షణ): ఇద్దరు శిక్షకులు, సామగ్రితో 6 గ్రామాలకు వెళ్లడానికి అద్దె కారు, 18 రోజులు × 2,500 = 45,000. రేటు స్థానిక ట్రావెల్స్ కొటేషన్ ప్రకారం." ఏ పని, ఎన్నిసార్లు, రేటు ఎక్కడిది, ఎందుకు కారే కావాలి అన్న నాలుగూ ఇందులో ఉన్నాయి.

అపోహ: నిధులిచ్చేవాళ్లు ఎలాగూ కోస్తారు, కాస్త పెంచి వేద్దాం.

దేనికో తెలియని అంకెనే ముందు కోస్తారు. కోసినా ఏ పని ఆగుతుందో వాళ్లకు కనిపించదు మరి. పనికి ముడిపెట్టిన లైన్‌లో 7,500 తగ్గిస్తే ఒక ఊరి శిక్షణకు బండి ఉండదని వెంటనే తెలుస్తుంది. అప్పుడు మాట్లాడేది ఊళ్ల సంఖ్య గురించి అవుతుంది, మన నిజాయితీ గురించి కాదు.

అపోహ: జీతాలకు శాతం రాస్తే చాలు.

ఇదే ప్రపోజల్‌లో కోఆర్డినేటర్ జీతంలో 60 శాతం అడిగారు. రోజులు లెక్కపెట్టాం: శిక్షణకు 18, సందర్శనలకు 36, ఊరి సమావేశాలకు 24, బల్లలు దగ్గరుండి వేయించడానికి 30, రిపోర్టులకు, బిల్లులకు 36. మొత్తం 144. ఏడాదికి 312 పనిదినాలు అనుకుంటే 46 శాతమే. అంతే అడిగాం.

విదేశీ నిధులైతే ఇది ఇంకా ముఖ్యం. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద పరిపాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. లక్ష్యం కోసం నేరుగా పనిచేసేవారి జీతాలు, ఉదాహరణకు ఆసుపత్రిలో డాక్టర్లవి, బడిలో టీచర్లవి, ఆ పరిమితిలోకి రావు. జీతం ఏ పనికో రాయకపోతే అది పరిపాలనా ఖర్చులా కనిపిస్తుంది. అలాగని పేరు మార్చి దాచకూడదు. రిపోర్టులు, బిల్లులకు పోయే ఆ 36 రోజులను విడిగా చూపించి, ఎటు లెక్కించాలో ఆడిటర్‌ని అడగాలి.

అపోహ: ప్రతి రూపాయినీ ఏదో ఒక కార్యక్రమానికి అంటించాలి.

ఆఫీసు అద్దె శిక్షణ ఖర్చు కాదు. బలవంతంగా అతికిస్తే చదివేవారికి తెలిసిపోతుంది. దాన్ని ఉమ్మడి ఖర్చుగానే ఉంచి, పంచిన పద్ధతి చెప్పాలి: "ఆఫీసులో 5 గురు సిబ్బంది, ఈ ప్రాజెక్టుకు ఒకరు, కాబట్టి అద్దెలో అయిదో వంతు." అయితే ఇక్కడ ఒకటి సరిచూసుకోవాలి. కోఆర్డినేటర్ ఈ ప్రాజెక్టులో 46 శాతమే ఉంటే, అద్దెలో ఆయన వాటా కూడా అయిదో వంతులో 46 శాతమే. మా డ్రాఫ్ట్‌లో జీతం మార్చి అద్దె మార్చడం మర్చిపోయాం. పంపడానికి ముందు రోజు పట్టుకున్నాం.