స్ట్రట్ వదిలిన కథ, స్కాట్ తెలుసుకున్నది

చారిత్రక నవలలో పరిశోధన ఎంతవరకు కనబడాలన్న వాదం వెనుక 1808లో అచ్చయి పెద్దగా ఆదరణకు నోచుకోని ఒక పుస్తకం ఉంది. జోసెఫ్ స్ట్రట్ పాతకాలపు దుస్తులను, ఆటలను, ఆచారాలను ఏళ్ల తరబడి శోధించిన ఆంగ్ల పండితుడు. పదిహేనో శతాబ్దం నేపథ్యంగా ఆయన మొదలుపెట్టిన ‘క్వీన్‌హూ హాల్’ పూర్తి కాకముందే 1802లో ఆయన మరణించగా, దానికి ముగింపు రాసే పని స్కాట్లండ్ రచయిత వాల్టర్ స్కాట్‌కు వచ్చింది. ఆ పుస్తకం ఎందుకు దెబ్బతిన్నదో స్కాట్ 1829లో తన నవలల ముందుమాటలో చెప్పారు: భాష మరీ పాతది, పాండిత్య ప్రదర్శన మరీ ఎక్కువ. పాఠకులకు మరింత దగ్గరి కాలపు, స్కాట్లండ్ కొండసీమ అయిన హైలాండ్ కథ అయితే నిలబడుతుందని ఆయనకు అప్పుడే తోచింది.

1814లో వచ్చిన స్కాట్ నవల ‘వేవర్లీ’, పోగొట్టుకున్న సింహాసనం కోసం స్టువర్ట్ రాజవంశం 1745లో లేవదీసిన తిరుగుబాటు కథ. ఆ తిరుగుబాటులో పాల్గొన్న వృద్ధుల నోట స్కాట్ స్వయంగా విన్న సంగతులు చాలానే ఉన్నాయి. అయినా దాన్ని నడిపిన స్టువర్ట్ రాకుమారుడు చార్లెస్‌ను ఆయన నాయకుణ్ణి చేయలేదు. ఎడ్వర్డ్ వేవర్లీ అనే కల్పిత ఆంగ్ల యువకుణ్ణి నిలబెట్టారు. ఈ ఎంపికలోనే అసలు కిటుకు ఉంది. హైలాండ్ మనిషి తన కట్టుబొట్టును, తన తెగనాయకుడి విందును ప్రత్యేకంగా గమనించడు, కాబట్టి అతని కళ్లతో వాటిని వర్ణిస్తే రచయితే పక్కన నిలబడి చెబుతున్నట్టు ఉంటుంది. వేవర్లీ కొత్తవాడు, అడగడానికి, ఆశ్చర్యపోవడానికి, పొరబడడానికి అతనికి కారణం ఉంది, ఆ సందర్భంలోనే సమాచారం పాఠకుడికి చేరుతుంది.

ఏది చూపకూడదో కూడా ఆ పాత్రే నిర్ణయిస్తుంది. ప్రెస్టన్‌పాన్స్ యుద్ధంలో వేవర్లీ ఉన్నాడు కాబట్టి అది కథలోకి వచ్చింది. క్లిఫ్టన్ దగ్గర జరిగిన ఘర్షణలో అతను సైన్యం నుంచి విడిపోయి ఒక రైతు ఇంట తలదాచుకుంటాడు. అందుచేత తిరుగుబాటును అంతం చేసిన 1746 నాటి కలోడెన్ యుద్ధం కథలో వార్తగానే వినిపిస్తుంది. అంత పెద్ద యుద్ధాన్ని వదులుకోవడానికి, నా దృష్టిలో, చాలా నిగ్రహం కావాలి.

ఇటలీలో అలెస్సాండ్రో మంజోనీకి ఇంత సులువు కాలేదు. 1630 నాటి మిలాన్ ప్లేగును ఆయన ‘వివాహ నిశ్చితులు’ నవలలోకి తెచ్చారు. గోడలకు విషలేపనం పూసి ప్లేగును వ్యాపింపజేశారన్న అభియోగంపై అమాయకులను హింసించి చంపిన విచారణ గురించి కూడా వివరంగా రాశారు గాని, అది కథను పక్కకు లాగుతుండటంతో నవల నుంచి తీసివేసి, 1840 నాటి ప్రచురణలో అనుబంధ గ్రంథంగా విడిగా చేర్చారు. ప్లేగు అధ్యాయాలను మాత్రం నవలలోనే ఉంచారు. వాటిలో కల్పిత నాయకీనాయకులు చాలాసేపు కనబడరు. తర్వాత 1850లో వెలువరించిన వ్యాసంలో ఆయన, చరిత్రను, కల్పనను కలిపే ఈ ప్రక్రియలోనే సమాధానపడని వైరుధ్యం ఉందని వాదించారు.