గడువు అడిగితే ఆఫర్ పోతుందా? అపోహలు - వాస్తవాలు

ఒక కంపెనీ ఆఫర్ చేతిలో ఉంది, మనసుపడ్డ ఇంకో కంపెనీ నుంచి ఇంకా కబురు లేదు. ఇలాంటప్పుడు కొందరు భయపడి వెంటనే సంతకం పెట్టేస్తారు. ఇంకొందరు మెయిల్‌కు జవాబివ్వకుండా రోజులు నెట్టేస్తారు. రెండింటికీ కారణం ఒకే అపోహ.

అపోహ: గడువు పెంచమని అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు.

ఎవరో ఎక్కడో విన్న కబురు పట్టుకుని ఈ మాటను పదే పదే తిప్పుతుంటారు. ఇంటర్వ్యూలు, జీతానికి ఆమోదాలు అన్నీ అయ్యాకే ఆఫర్ లెటర్ బయటికొస్తుంది. మిమ్మల్ని వదులుకుంటే ఆ పనిలో చాలా భాగం మళ్లీ చేయాలి. అందుకే రెండు మూడు పనిదినాలు మర్యాదగా అడిగితే సాధారణంగా "సరే" అంటారు, లేదా "కుదరదు, పాత గడువే" అంటారు. కుదరదన్నా సాధారణంగా ఆ పాత గడువు దాకా ఆఫర్ మీదే.

ప్రమాదం అసలు లేదని కాదు. మీరు ఒప్పుకోకముందు ఆఫర్ వెనక్కి తీసుకునే వీలు చాలాచోట్ల కంపెనీకి ఉంటుంది. అయితే వ్యవహారం చెడేది ఎక్కువగా ఆఖరి గంటలో అడిగినప్పుడు, తేదీ చెప్పకుండా "కొంచెం టైమ్ కావాలి" అన్నప్పుడు. రిక్రూటర్ చాలాసార్లు రెండో అభ్యర్థిని కూడా ఆపి ఉంచుతారు. మీరు తేదీ చెప్పకపోతే వాళ్లను ఎన్నాళ్లు ఆపాలో తెలియదు, మేనేజర్‌కు ఏం చెప్పాలో తెలియదు.

ఒక ఉదాహరణ చూద్దాం. సోమవారం ఆఫర్ లెటర్ వచ్చింది, గడువు శుక్రవారం సాయంత్రం 5 గంటలు. రెండో కంపెనీలో ఆఖరి రౌండ్ అయిపోయింది.

సోమవారమే ఆఫర్ అందిందని, సంతోషమని, శుక్రవారం గడువు గమనించానని జవాబివ్వాలి. ఒప్పుకుంటున్నట్టు అనిపించే మాట ఒక్కటీ ఉండకూడదు. అదే రోజు రెండో కంపెనీకి రాయాలి: "నా చేతిలో ఒక ఆఫర్ ఉంది, శుక్రవారంలోగా జవాబివ్వాలి. నాకు మీ ఉద్యోగం మీద ఆసక్తి ఉంది. మీ నిర్ణయం ఎప్పటికి తెలుస్తుందో చెప్పగలరా?" చాలామంది ఈ మెయిల్ దాటేసి నేరుగా మొదటి కంపెనీని గడువు అడుగుతారు. అప్పుడు ఎన్ని రోజులు అడగాలో వాళ్లకే తెలియదు. పైగా ఒక్క సంతకం కోసం ఆగిన ఫైలును ఈ మెయిల్ కదిలించవచ్చు.

రెండో కంపెనీ "వచ్చే మంగళవారం చెప్తాం" అందనుకోండి. దానికి ఒక రోజు కలిపి వచ్చే బుధవారం దాకా గడువు అడగండి. అడిగే మెయిల్ ఈ వారం బుధవారంలోగా వెళ్లాలి:

"ఆఫర్‌కు ధన్యవాదాలు. ఇంకో కంపెనీలో నా ప్రక్రియ ఆఖరి దశలో ఉంది. ఒకసారి మాటిస్తే దాని మీద నిలబడాలని నా ఉద్దేశం. శుక్రవారం బదులు వచ్చే బుధవారం సాయంత్రం 5 గంటలలోపు తుది జవాబు ఇవ్వవచ్చా? జాయినింగ్ డేట్‌లో మార్పు ఉండదు."

ఆఖరి వాక్యం వదలొద్దు. మేనేజర్‌కు అసలు బెంగ మీరు ఎప్పుడు చేరతారన్నదే. రెండో కంపెనీ పేరు చెప్పనక్కర్లేదు. జీతం బేరాన్ని ఈ మెయిల్‌లో కలపకండి. గడువు అడగడం ఒక విన్నపం మాత్రమే. షరతులు మార్చి ఒప్పుకుంటానంటే చాలా దేశాల చట్టాల్లో అది ఎదురు ప్రతిపాదన కింద లెక్క, దాంతో మొదటి ఆఫర్ రద్దయినట్టు అవుతుంది.

"కనుక్కుని చెప్తా" అంటే గడువు పెరిగినట్టు కాదు. ఫోన్‌లో సరే అన్నా "బుధవారం వరకు గడువిచ్చినందుకు ధన్యవాదాలు" అని మెయిల్ పెట్టి జవాబు తెప్పించుకోండి. అది రాకపోతే శుక్రవారమే మీ గడువు. రెండో కంపెనీ "మూడు వారాలు పడుతుంది" అంటే ఇక గడువు అడిగి లాభం లేదు. మొదటి ఆఫర్ ఒక్కటే ఉన్నట్టు ఆలోచించి తేల్చుకోండి. గడువు రెండోసారి అడిగితే ఒప్పుకునే వాళ్లు తక్కువ.

అపోహ: ఇప్పుడు సంతకం పెట్టి, తర్వాత మానేయొచ్చు. సంతకం పెట్టాక మీ మీద నోటీసు షరతులు వర్తించవచ్చు, లెటర్ చదవండి. రెండో అభ్యర్థిని అప్పటికే వద్దనేసి ఉంటారు కాబట్టి ఆ రిక్రూటర్ మిమ్మల్ని మర్చిపోరు.

అపోహ: ఇంట్లో అనారోగ్యం అని చెప్తే సులువు. అబద్ధం వద్దు. నిజమైన కారణమే వాళ్లకు బాగా అర్థమవుతుంది.

అపోహ: రెండో కంపెనీ ఫోన్‌లో "సెలెక్ట్ అయ్యారు" అంటే చాలు. చాలదు. జీతం, హోదా, జాయినింగ్ డేట్ ఉన్న లెటర్ చేతికొచ్చి, అందులో బ్యాక్‌గ్రౌండ్ చెక్ లాంటి షరతులు ఏమున్నాయో చూశాకే మొదటి కంపెనీకి "వద్దు" అని రాయండి. బుధవారానికి ఆ లెటర్ రాకపోతే, మొదటి ఆఫర్ నచ్చినదైతే, 5 గంటలలోపు దానికే "సరే" చెప్పండి.