నిద్రమాత్ర రెండోసారి వేసుకున్న రాత్రి

ఆ గురువారం రాత్రి 11 కావస్తుంటే అమ్మ గది గుమ్మం దగ్గర నిలబడి, "ఏమే, నేను ఇందాక మాత్ర వేసుకున్నానా?" అని అడిగింది. చేతిలో నీళ్ల గ్లాసు ఉంది, గ్లాసులో నీళ్లు సగమే ఉన్నాయి. అంటే అప్పటికే ఒకటి మింగి, ఆ తర్వాత అనుమానం వచ్చి అడుగుతోందన్నమాట. అమ్మకి 71 ఏళ్లు, మోకాలి ఆపరేషన్ తర్వాత నిద్ర పట్టడం లేదంటే డాక్టరు జోల్పిడెం 5 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. నేను ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను, ఈ మందు గురించి క్లాసులో ఎన్నోసార్లు చెప్పాను, అయినా కన్నతల్లి అలా గుమ్మంలో నిలబడి అడిగితే నాకూ గుండె దడదడలాడింది.

ముందు చేయాల్సింది ఆమెను మంచం మీద కూర్చోబెట్టి స్ట్రిప్పు లెక్కపెట్టడం. జ్ఞాపకాన్ని నమ్మొద్దు, ఖాళీ గుంటల్ని నమ్మండి. ఆదివారం రాత్రి కొత్త స్ట్రిప్పు తెరిచాం, అందులో 10 మాత్రలు. ఆదివారం నుంచి గురువారం దాకా 5 అయిపోవాలి, 5 మిగలాలి. మిగిలినవి 4. అంటే రెండు వేసుకుంది, అంతకు మించి వేసుకోలేదు. స్ట్రిప్పు వెనక్కి తిప్పి పేరు, ఎన్ని మిల్లీగ్రాములో చదివాను, పేరు పక్కన సీఆర్ అనో ఎస్ఆర్ అనో ఉందేమో కూడా చూశాను. ఆ అక్షరాలుంటే మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం, దాని మత్తు ఇంకా ఎక్కువసేపు ఉంటుంది. అమ్మది మామూలు మాత్రే.

ఆ తర్వాత మందుల డబ్బాలో మిగతా స్ట్రిప్పులూ చూశాను. దీన్ని చాలామంది మర్చిపోతారు. నిద్రమాత్ర రెండుసార్లు వేసుకున్న మనిషి షుగరు మాత్ర కూడా రెండోసారి వేసుకుని ఉండొచ్చు. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్ర రెండింతలు పడితే అది నిద్రమాత్ర కన్నా ప్రమాదం, ఎందుకంటే షుగరు పడిపోయి మగతగా ఉన్న మనిషిని చూసి మనం నిద్రమాత్ర మత్తేలే అనుకుని వదిలేస్తాం. చెమటలు పడుతున్నా, ఒళ్లు చల్లబడుతున్నా, షుగరు ఉన్న మనిషైతే గ్లూకోమీటరుతో వెంటనే చూడాలి. అమ్మకి షుగరు లేదు, బీపీ మాత్రల లెక్క సరిపోయింది. ఆపరేషన్ అప్పటి నొప్పి మాత్ర ట్రమడాల్ ఇంకా వేసుకుంటోందా అని అడిగాను, అది నెల కిందటే ఆపేసింది. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో కాసేపట్లో చెబుతాను.

అసలు రెండో మాత్ర ఒంట్లో ఏం చేస్తుంది? రెండింతలు వేసుకుంటే రెండింతలసేపు పడుకుంటారనుకుంటాం, కానీ ఒళ్లు మందును వదిలించుకునే లెక్క వేరు. జోల్పిడెం లాంటి మందు రక్తంలో ప్రతి కొన్ని గంటలకూ సగానికి సగం తగ్గుతూ పోతుంది. ఆ వ్యవధినే అర్ధాయువు అంటాం. జోల్పిడెంకి అది ఇంచుమించు రెండున్నర గంటలు, వయసు పైబడినవాళ్లలో ఇంకాస్త ఎక్కువ, లెక్కకి 3 గంటలు అనుకుందాం. మామూలు రోజు అమ్మ 10 గంటలకు 5 మిల్లీగ్రాములు వేసుకుంటే, ఒంటిగంటకు రెండున్నర, 4 గంటలకు ఒకటింపావు, 7 గంటలకు సుమారు 0.6 మిగులుతుంది. అప్పుడే ఆమె లేచి కాఫీ పెట్టుకుంటుంది. ఆ రోజు 10 గంటలకు ఒకటి, పదిన్నర దాటాక ఇంకోటి పడింది. పదిన్నరకి 10 మిల్లీగ్రాములు అనుకుంటే ఒకటిన్నరకి 5, నాలుగున్నరకి రెండున్నర, ఏడున్నరకి ఒకటింపావు, పదిన్నరకి 0.6. అంటే రోజూ ఉదయం 7 గంటలకు ఉండే స్థితికి ఆ రోజు పదిన్నర ప్రాంతంలో చేరుతుంది. డోసు రెండింతలైతే కలిసేది ఒక్క అర్ధాయువే, దానికి తోడు రెండో మాత్ర వేసుకోవడంలో జరిగిన ఆలస్యం.

ఈ లెక్క చేతిలో ఉంటే ఎంతసేపు కనిపెట్టుకుని ఉండాలో తెలుస్తుంది. అయితే అన్ని నిద్రమాత్రలూ జోల్పిడెం కాదు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే ఆల్ప్రజోలామ్ అర్ధాయువు సుమారు 11 గంటలు, క్లోనాజెపామ్‌ది 30 నుంచి 40 గంటలు. క్లోనాజెపామ్ రెండు వేసుకున్న మనిషి అన్ని గంటలూ నిద్రపోడు గానీ, మర్నాడంతా, ఒక్కోసారి ఆ మర్నాడు కూడా కాళ్లు తడబడతాయి, మాట ముద్దగా వస్తుంది. జోల్పిడెం అయితే మర్నాడు మధ్యాహ్నానికి తేలిపోతుంది.

సినిమాల్లో నిద్రమాత్రలు మింగితే ప్రాణం పోవడం చూసి చూసి, రెండు మాత్రలన్నా మనకి అదే భయం. ఆ భయం ఎక్కువగా పాతకాలపు బార్బిట్యురేట్ మాత్రల నుంచి వచ్చింది. మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులాగా పనిచేస్తుంది, అది నరాల కణాల మీద ఒక తలుపు తెరిస్తే ఆ కణం నెమ్మదిస్తుంది. బార్బిట్యురేట్లు ఎక్కువ మోతాదులో గాబాతో పని లేకుండా ఆ తలుపును తామే తెరిచిపెట్టేవి, ఊపిరి తీసే కేంద్రాన్ని కూడా ఆపేసేవి. 1960లో మొదటి బెంజోడయాజెపైన్ వచ్చింది. ఆ కుటుంబం మందులు, వాటి తర్వాత వచ్చిన జోల్పిడెం, గాబా తెరిచే తలుపును ఇంకాస్త బాగా తెరుచుకునేలా చేస్తాయి, గాబా లేకుండా వాటంతట అవి తెరవలేవు. అందుకే ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు డాక్టరు రాసిన మాత్ర ఒకటికి బదులు రెండు పొరపాటున వేసుకుంటే, చాలావరకు మత్తుగా పడుకుని ఆలస్యంగా లేస్తారు, అంతే.

ఆ "ఆరోగ్యంగా" అన్న మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. ఊపిరిని నెమ్మదింపజేసేది ఇంకోటి తోడైతే ఈ లెక్కంతా మారిపోతుంది. ఆ రాత్రి మద్యం తాగి ఉన్నా, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రో కోడీన్ ఉన్న దగ్గుమందో వేసుకున్నా, గురక మధ్యలో ఊపిరి ఆగే జబ్బు గానీ ఊపిరితిత్తుల జబ్బు గానీ ఉన్నా ఇంట్లో కూర్చుని చూడకండి, డాక్టరుకు గానీ ఆసుపత్రికి గానీ వెంటనే ఫోన్ చేయండి. మింగింది పిల్లలైనా, గర్భిణి అయినా, ఎన్ని మింగారో లెక్క తేలకపోయినా అంతే. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషప్రభావాల సమాచార కేంద్రం ఉంది, 1800 116 117కి ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా సలహా చెబుతారు. ఇంకొకటి, పొరపాటేనా కావాలనా అన్న అనుమానం మీకు రవ్వంత ఉన్నా, కోప్పడకుండా పక్కన కూర్చుని నేరుగా అడగండి. కావాలని వేసుకున్నామంటే ఎన్ని మాత్రలైనా ఆసుపత్రికే తీసుకెళ్లాలి, ఒంటరిగా వదలకూడదు. ఆ తర్వాత మాట్లాడటానికి మానసిక ఆరోగ్య సహాయం అందించే ఫోన్ లైను టెలి మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు.

అమ్మ విషయంలో ఇవేవీ లేవు. అయినా అన్నయ్యకు ఫోన్ చేస్తే, "ఉప్పునీళ్లు తాగించి కక్కించు, పడుకోనివ్వకు" అన్నాడు. ఈ రెండూ చేయకూడదు. మాత్ర అప్పటికే కడుపులో కరిగిపోతూ ఉంటుంది, మగతలో ఉన్న మనిషికి వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఉప్పునీళ్లు ఎక్కువ తాగిస్తే రక్తంలో సోడియం పెరిగి అదే పెద్ద ప్రమాదం. కాఫీ, నిమ్మరసం, మజ్జిగ ఏవీ ఈ మత్తును దింపవు, మగతలో తాగిస్తే పొలమారుతుంది. పడుకోనివ్వకుండా హాల్లో అటూ ఇటూ నడిపించడం అన్నిటికన్నా చెడ్డది, ఎందుకంటే ఇలాంటి రాత్రి 70 దాటిన మనిషికి ఎక్కువగా జరిగే హాని కింద పడటం. తుంటి ఎముక విరిగితే అది నెలల తరబడి మంచం.

కాబట్టి నేను అమ్మని చేయి పట్టుకుని బాత్రూముకు తీసుకెళ్లి వచ్చి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాను, వీపు వెనక ఒక దిండు పెట్టాను, మళ్లీ వెల్లకిలా దొర్లకుండా. పక్కకు పడుకుంటే నాలుక వెనక్కి జారదు, వాంతి వచ్చినా బయటికే పోతుంది. బాత్రూము లైటు వేసి ఉంచి, దారిలో ఉన్న కాళ్లపట్టా తీసేసి, నా పరుపు ఆమె మంచం పక్కనే వేసుకున్నాను. లేవాలనిపిస్తే నన్ను పిలవమని చెప్పాను గానీ, ఆ మాట ఆమెకు గుర్తుంటుందని నేను అనుకోలేదు.

జోల్పిడెం మింగిన గంటన్నర ప్రాంతంలో రక్తంలో అత్యధికంగా ఉంటుంది, అంటే అమ్మకి 12 అటూ ఇటూ. అందుకే మొదటి మూడు గంటలూ గంటకోసారి చూశాను. భుజం తట్టి "అమ్మా" అంటే 12కి "ఊఁ" అంది, ఒంటిగంటకి "ఏంటే, పడుకోనివ్వు" అని విసుక్కుంది. ఆ విసుగు మంచి గుర్తు. పిలిచినా, గట్టిగా గిల్లినా పలక్కపోతే 108కి ఫోన్ చేయాలి. తర్వాత ఫోన్‌లో గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం పొట్ట ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టాను, 14 వచ్చింది. 12 నుంచి 20 దాకా మామూలే, 10కి తగ్గితే ఆగొద్దు. గురక మధ్యలో పెద్ద విరామాలు వచ్చినా, గొంతులో గరగర నీళ్ల చప్పుడు వినిపించినా, పెదాలు నీలంగా మారినా 108కే. కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటరు ఉంటే వేలికి పెట్టండి, అమ్మకి 96 చూపించింది. 90 కన్నా తగ్గి అలాగే ఉంటే అదీ ఆసుపత్రి మాటే.

ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే స్ట్రిప్పు వెంట పట్టుకెళ్లండి. అక్కడ చేసేది ఎక్కువగా ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకోవడమే. విరుగుడు ఇంజెక్షన్ ఒకటుంది, ఫ్లుమజెనిల్ అంటారు, కానీ రోజూ ఈ మాత్రలు వాడేవాళ్లలో అది ఫిట్స్ తెప్పించగలదు, పైగా దాని ప్రభావం తొందరగా పోతుంది, మళ్లీ మత్తు కమ్ముకోవచ్చు. కాబట్టి డాక్టరు అది వేయలేదని గొడవ పడకండి.

ఉదయం 7కి అమ్మ లేచింది గానీ, నేను ఆమెను పొయ్యి దగ్గరికి వెళ్లనివ్వలేదు. 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆడవాళ్లకు జోల్పిడెం డోసును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించమన్నది ఇందుకే, ఉదయానికి కూడా కారు నడపడానికి అడ్డొచ్చేంత మందు కొందరి రక్తంలో మిగిలిపోతోందని తేలింది. రెండు వేసుకున్నవాళ్లు మర్నాడు స్కూటరు తీయకూడదు, బాగానే ఉన్నాననిపించినా సరే.

అసలు పొరపాటు ఎలా జరిగిందో అప్పుడు అడిగాను. 10కి మాత్ర వేసుకుని, సీరియల్ అయిపోలేదని టీవీ ముందే కూర్చుంది. ఈ మందుకి ఒక గుణం ఉంది, నిద్ర రాకముందే కొత్త జ్ఞాపకాలు నాటుకోవడాన్ని ఆపేస్తుంది. మాత్ర వేసుకున్నానన్న జ్ఞాపకాన్ని ఆ మాత్రే తుడిచేసింది, ఇంకా నిద్ర రావట్లేదే అని లేచి రెండోది వేసుకుంది. దీన్ని అమ్మ మతిమరుపు అనడం అన్యాయం.

మర్నాడు రాత్రి ఎప్పటిలాగే ఒకటి ఇచ్చాను, నిన్న రెండు పడ్డాయి కదా అని మానేయమనలేదు. రోజూ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే నిద్ర చెడిపోయి, గాభరా మొదలవుతుంది. మర్నాటికీ మత్తు వదలకపోతే మాత్రం డాక్టరును అడిగి ఇవ్వాలి. ఇప్పుడు స్ట్రిప్పు నా బీరువాలో ఉంటుంది. అమ్మ పక్క మీదికి చేరాక, లైటు ఆపే ముందు, చిన్న స్టీలు గిన్నెలో ఒక్క మాత్ర పెట్టి ఇస్తాను. ఖాళీ గిన్నె పొద్దుటిదాకా ఆమె తల దగ్గరే ఉంటుంది.