సిగ్నల్ నిండుగా ఉన్నా కాల్ ఎందుకు తెగుతుంది: హ్యాండోవర్ నేపథ్యం

ఫోన్‌లో మాట్లాడుతూ వీధి మలుపు తిరుగుతారు. అవతలి మాట ముక్కలు ముక్కలవుతుంది, ఒకటి రెండు సెకన్లు ఏమీ వినపడదు, ఆ తర్వాత కాల్ కట్. తీరా తెర చూస్తే సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి. సిగ్నల్ లేక తెగిన కాల్ కాదిది. పాత టవర్‌ను వదిలి పక్క టవర్‌కు మారాల్సిన ఫోన్ ఆ మారడంలో ఆలస్యమైంది, అంతే. ఈ మారడాన్నే హ్యాండోవర్ అంటారు. ఆ ఆలస్యం ఎక్కడిదో తెలియాలంటే, ‘ఇక మారు’ అని చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉంటూ వచ్చిందో చూడాలి.

ఊరిని చిన్న చిన్న సెల్స్‌గా, అంటే ఒక్కో టవర్ పరిధిగా, విడగొట్టి, అవే ఫ్రీక్వెన్సీలను దూరందూరంగా మళ్లీ మళ్లీ వాడుకోవచ్చన్న ఆలోచనను 1947లో బెల్ ల్యాబ్స్ ఇంజనీరు డగ్లస్ రింగ్ కాగితం మీద పెట్టారు. కాల్ నడుస్తుండగా ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కు స్విచింగ్ ఎలా చేయాలన్న దానికి అదే సంస్థలోని ఎమోస్ జోయెల్‌కు 1972లో పేటెంట్ వచ్చింది. 1983లో షికాగోలో మొదలైన అనలాగ్ సేవలో ఈ పనంతా నెట్‌వర్క్‌దే. ఫోన్ సిగ్నల్ ఎలా అందుతోందో టవర్లే కొలిచేవి, కేంద్ర స్విచ్ నిర్ణయం తీసుకునేది. ఆ ఆదేశం మాటలు నడిచే చానెల్ మీదే వెళ్లేది కాబట్టి గొంతును క్షణంపాటు ఆపి, ఆ సందులో డేటా పంపేవారు. అప్పటి ఫోన్లలో మధ్యమధ్య వినపడిన చిన్న తెగుడు అదే.

1991లో మొదలైన 2జీ పద్ధతి జీఎస్ఎమ్ కొలిచే పనిని ఫోన్‌కు అప్పగించింది. ఫోన్ చుట్టుపక్కల టవర్లను వింటూ, వాటిలో బలమైన ఆరింటి వివరాలను దాదాపు ప్రతి అర సెకనుకూ పంపుతుంది. నిర్ణయం మాత్రం నెట్‌వర్క్ దగ్గరే ఉండిపోయింది. ఇంకో విషయం, పక్కపక్క సెల్స్‌కు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు ఉండేవి. పక్క టవర్ ఎంత గట్టిగా వినిపించినా, మాట్లాడుతున్న టవర్‌ను అది ముంచేసేది కాదు.

సీడీఎమ్ఏ అనే మరో పద్ధతి, దాని వెనకే వచ్చిన 3జీ అన్ని సెల్స్‌లోనూ ఒకే ఫ్రీక్వెన్సీ వాడాయి. అంచున ఉన్న ఫోన్ అప్పుడు రెండు మూడు టవర్లతో ఒకేసారి మాట్లాడేది. కొత్తది చేతికందాకే పాతది వదలడం. సెల్ అంచున కాల్ నిలబెట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి రాలేదనే చెప్పాలి. కాకపోతే ఒక్క కాల్‌కు రెండు మూడు టవర్ల సామర్థ్యం ఖర్చవుతుంది, పైగా వాటన్నిటినీ నడిపే ఒక కంట్రోలర్ కావాలి. 4జీ ఆ కంట్రోలర్‌ను తీసేసింది. ఫ్రీక్వెన్సీ మాత్రం పక్కపక్క సెల్స్‌కు మామూలుగా ఒక్కటే. అంటే పక్క టవర్ రొద ముంచేసే 3జీ చిక్కు మిగిలింది, దాని మందు పోయింది.

4జీలో మారే తీరు ఇది. పక్క టవర్ సిగ్నల్ తన టవర్ కంటే నిర్ణీత తేడాతో, ఉదాహరణకు 3 డెసిబెల్స్‌తో, ఎక్కువైందని ఫోన్ గమనిస్తుంది. వెంటనే చెప్పదు. ఆ తేడా కొంతసేపు, 320 మిల్లీసెకన్లనుకోండి, నిలిచాకే రిపోర్టు పంపుతుంది. పాత టవర్ పక్క టవర్‌ను చోటు అడుగుతుంది. అది చోటు కేటాయించి, ఫోన్ వచ్చి తలుపు తట్టడానికి ఒక ప్రత్యేక గుర్తు ఇస్తుంది. ఆ వివరాలతో కూడిన ఆదేశాన్ని పాత టవర్ ఫోన్‌కు పంపుతుంది. ఫోన్ పాతదాన్ని వదిలి కొత్తదాన్ని పట్టుకుంటుంది. అంతా సవ్యంగా జరిగితే మాట ఆగేది కొన్ని పదుల మిల్లీసెకన్లే, చెవికి తెలియదు.

చిక్కంతా ఒక్కచోటే ఉంది. వెళ్లిపొమ్మనే ఆదేశం రావలసింది చచ్చిపోతున్న లింకు మీదే. పక్క టవర్ 3 డెసిబెల్స్ ఎక్కువైందంటే, అది రద్దీగా ఉన్నప్పుడు, మన టవర్ మాట ఆ రొద కంటే అప్పటికే 3 డెసిబెల్స్ కింద ఉన్నట్టు. తేడా సుమారు 8 డెసిబెల్స్ దాటితే ఆదేశం మోసే కంట్రోల్ చానెల్‌ను ఫోన్ చదవలేదు. మధ్యలో మిగిలింది 5 డెసిబెల్స్. రిపోర్టు, పక్క టవర్‌తో సంప్రదింపు, ఆదేశం, అన్నీ ఈ సందులోనే పూర్తవ్వాలి.

తిన్నని రోడ్డు మీద రెండు కిలోమీటర్ల ఎడంలో రెండు టవర్లు ఉన్నాయనుకుందాం. దూరంతోపాటు సిగ్నల్ తగ్గే మామూలు లెక్క వేస్తే, మధ్య బిందువు దాటాక దాదాపు 100 మీటర్లకు తేడా 3 డెసిబెల్స్ అవుతుంది, దాదాపు 260 మీటర్లకు 8 అవుతుంది. మధ్యలో 160 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారుకు ఎనిమిది సెకన్లు దొరుకుతాయి. 320 మిల్లీసెకన్లు ఏపాటి!

ఇప్పుడు వీధి మలుపు. భవనం అడ్డొచ్చి పాత టవర్ సిగ్నల్ పది మీటర్లలో 20 డెసిబెల్స్ పడిపోయిందనుకోండి, మీటరుకు రెండు చొప్పున. ఆ 5 డెసిబెల్స్ రెండున్నర మీటర్లలో అయిపోతాయి. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో అది పావు సెకను. ఫోన్ వేచి చూడాల్సిన సమయమే అంతకంటే ఎక్కువ, రిపోర్టు బయల్దేరకముందే ఆదేశం వచ్చే దారి మూసుకుపోయింది. వాహనం నెమ్మదిగా పోతున్నా మలుపు దగ్గర ఇలా జరగడానికి కారణం ఇదే. వేగం కంటే పాత సిగ్నల్ ఎంత నిటారుగా పడుతుందన్నదే ముఖ్యం.

ఫోన్ వెంటనే చేతులెత్తేయదు. లింకు చెడిందని గుర్తించాక ఒక టైమరు, తరచుగా ఒక సెకను, నడుస్తుంది. కోలుకోకపోతే దొరికిన బలమైన సెల్‌లో మళ్లీ చేరడానికి ప్రయత్నిస్తుంది. ఆ సెల్ దగ్గర ఈ ఫోన్ వివరాలుంటే కాల్ బతుకుతుంది, లేకపోతే తిరస్కరిస్తుంది, కాల్ పోతుంది. మొదట చెప్పిన నిండు గీతలు ఆ కొత్త సెల్‌వి. కట్ అయ్యాక కూడా గీతలు తక్కువగానే ఉంటే అది హ్యాండోవర్ సంగతి కాదు, అక్కడ కవరేజీయే లేదు. ఒకే చోట, ఒకే దిశలో వెళ్తున్నప్పుడు మాత్రమే తెగుతుంటే ఇంకో అనుమానం పెట్టుకోవాలి. పాత టవర్ దగ్గరుండే పొరుగు టవర్ల జాబితాలో కొత్త టవర్ లేకపోవచ్చు. ఫోన్ దాని నంబరు చెప్పినా, అదెవరో పాత టవర్‌కు తెలియక ఊరుకుంటుంది.

వేచి చూసే సమయాన్ని తగ్గించేస్తే సరిపోదా అంటే, సరిపోదు. తగ్గిస్తే సిగ్నల్ కాస్త ఊగినా ఫోన్ రెండు టవర్ల మధ్య అటూ ఇటూ గంతులేస్తుంది, ప్రతి గంతులోనూ తెగే ప్రమాదం ఉంది. అందుకని నెట్‌వర్క్ అంతటా కాక, మలుపు దగ్గరి ఆ రెండు సెల్స్ జతకు మాత్రమే ఆ 3 డెసిబెల్స్ షరతును సడలిస్తారు. ఒకటికో సున్నాకో తగ్గిస్తే ఫోన్ మలుపుకు ముందే, పాత లింకు బాగున్నప్పుడే కదులుతుంది. మలుపు తిరగకుండా నేరుగా పోయేవాళ్లు కొందరు అనవసరంగా మారి మళ్లీ వెనక్కి వస్తారు. అది ఒప్పుకోదగ్గ ఖర్చే.

5జీకి 2020లో ఖరారైన రిలీజ్ 16 ప్రమాణాలు వేరే దారి పట్టాయి. లింకు బాగున్నప్పుడే ఆదేశం ముందుగా ఇచ్చి, ‘ఫలానా షరతు నెరవేరితే నువ్వే మారిపో’ అని ఫోన్‌కు చెబుతారు. దీన్ని కండిషనల్ హ్యాండోవర్ అంటారు. మలుపు తిరిగాక పాత టవర్ మాట వినపడకపోయినా పర్లేదు, చీటీ అప్పటికే ఫోన్ జేబులో ఉంది. దీనికి బదులుగా, వస్తుందో రాదో తెలియని ఫోన్ కోసం ఒకటికి మించిన సెల్స్ చోటు అట్టిపెట్టుకోవాల్సి వస్తుంది.