ఆపేసిన టీవీ లాగే కరెంటు

చిట్టీ, బుజ్జిగా,

మీరు హైదరాబాదు వెళ్లిన మర్నాడు ఏమీ తోచక మీటరు ముందు స్టూలేసుకుని కూర్చున్నాను. ముప్పై ఏళ్లు కరెంటాఫీసులో పనిచేసినవాడి కాలక్షేపం ఇలాగే ఉంటుంది, నవ్వకండి.

మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుతుంటుంది చూశారా? మా మీటరు మీద 3200 imp/kWh అని రాసుంది. అంటే ఆ లైటు 3200 సార్లు మిణికితే ఒక యూనిట్ అయినట్టు. ఒక మిణుకుకీ తర్వాతి మిణుకుకీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 1125ని ఆ సెకన్లతో భాగిస్తే ఆ సమయానికి ఇల్లు ఎన్ని వాట్లు లాగుతోందో తెలిసిపోతుంది. 1125 ఎక్కడిదంటే, ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్లు గంటసేపు, అంటే 3600 సెకన్లు; ఆ రెండూ గుణిస్తే వచ్చే 36 లక్షలను 3200తో భాగిస్తే వచ్చింది. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే 36 లక్షలను దానితో భాగించుకోండి.

ఫ్యాన్లు, లైట్లు, ఇన్వర్టర్ అన్నీ ఆపాను. ఫ్రిజ్ కూడా ఆపానని మీ అమ్మమ్మ గొణుగుతూనే ఉంది. తలుపు తియ్యకుంటే అరగంటకేమీ కాదని చెప్పినా వినదు. టీవీ బోర్డు ఒక్కటే ఉంచి, మీరు చేసినట్టే టీవీనీ సెట్‌టాప్ బాక్సునీ రిమోట్లతో ఆపాను. 45 సెకన్లకో మిణుకు. అంటే 25 వాట్లు, అన్నీ ‘ఆపేశాక’!

టీవీ సెట్టింగుల్లో వెతికితే Quick Start అనేది ఆన్‌లో ఉంది. బటన్ నొక్కగానే బొమ్మ వచ్చేలా టీవీని సగం మెలకువగా ఉంచడం దాని పని. అది తీసేసి మళ్లీ చూస్తే మిణుకు 75 సెకన్లకి వెళ్లింది, అంటే 15 వాట్లు. ఇక మిగిలిన దొంగ సెట్‌టాప్ బాక్సు. రిమోట్‌తో ఆపితే మా బాక్సు బొమ్మ పంపడం మానేస్తుంది కానీ లోపల పని చేస్తూనే ఉంటుంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది. దాని స్విచ్ గోడ దగ్గర ఆపాక పావుగంట కూర్చున్నా మిణుకు రాలేదు. టీవీ ఒక్కటే అయితే ఆపాక అర వాటు, అటూఇటూగా తింటుంది. అంత చిన్న కరెంటును మీటరు లెక్కలోకే తీసుకోకపోవచ్చు. కాబట్టి టీవీ మీది ఎర్ర చుక్కను చూసి భయపడక్కర్లేదు. రోజుకి ఐదు గంటలు చూసి, పంతొమ్మిది గంటలు ఆపే ఇంట్లో ఆ 25 వాట్లే నెలకి 14 యూనిట్లు.

తర్వాత టీవీ పెట్టి పది మిణుకులు లెక్కపెట్టాను. 90 సెకన్లు, అంటే బాక్సుతో కలిపి 125 వాట్లు. బొమ్మ Vivid లో ఉంది మరి, మీ పనే! ఎల్ఈడీ టీవీలో ఎక్కువ కరెంటు తెర వెనకున్న లైట్లకే పోతుంది. Vivid వాటిని షాపులో కొట్టొచ్చినట్టు కనబడేలా వెలిగిస్తుంది, ఇంట్లో అంత వెలుగు అక్కర్లేదు. ఎకో మోడ్ పెట్టి, ఆటో బ్రైట్‌నెస్ ఆన్ చేసి రాత్రి చూస్తే అదే పది మిణుకులకి 150 సెకన్లు పట్టింది. 75 వాట్లే. కళ్లకీ హాయిగా ఉంది.

మీరు Vivid ఎందుకు పెట్టారో కూడా తెలిసిందిలే. ఆటో బ్రైట్‌నెస్‌కి కన్ను టీవీ కింది అంచులో ఉంటుంది, గదిలో వెలుతురు ఎంతుందో అదే చూస్తుంది. అమ్మమ్మ అల్లిన గుడ్డ అంచు సరిగ్గా దాని మీద వేలాడుతోంది! పట్టపగలు కూడా రాత్రి అనుకుని టీవీ మసకబారింది, మీరు విసుక్కుని Vivid నొక్కేశారు. మీ ఇంట్లో ఆటో బ్రైట్‌నెస్ ఆన్ చేసి, ఆ కన్నుని అరచేత్తో మూసి కాసేపు ఆగండి. తెర మెల్లగా మసకబారితే అది పనిచేస్తున్నట్టే.

ఆపే పద్ధతి ఒకటి చెప్పాలి. టీవీ నడుస్తుండగా గోడ స్విచ్ కొట్టకండి. ముందు రిమోట్‌తో ఆపి, రాత్రి పడుకునేటప్పుడు ఒక్కసారి గోడ దగ్గర ఆపండి. మీ పిన్నివాళ్లది ఓఎల్ఈడీ, అది ఆపేశాక కొన్ని నిమిషాలు తనే తెర సరిచేసుకుంటుంది. దాన్ని గోడ దగ్గర ఆపనే వద్దనండి, బాక్సు స్విచ్ ఒక్కటే చాలు. బాక్సులో రాత్రి రికార్డింగ్ పెట్టుకుంటే ఆ రోజుకి దాన్ని వదిలెయ్యండి. పొద్దున్న బాక్సు లేవడానికి ఒకట్రెండు నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టాలి. మీ ఇంటర్నెట్ రూటర్ కూడా అదే బోర్డులో ఉంటే ముందు దాన్ని వేరే చోటికి మార్పించండి, లేకపోతే మీ నాన్న నన్ను తిడతాడు.

నాన్నని పక్కన ఉంచుకునే మీటరు చూడండి, దేన్నీ ముట్టుకోకండి. మీ టీవీ మూల ఎన్ని సెకన్లకో మిణుకు ఇస్తోందో ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పండి, ఇక్కడ కాగితం మీద గీత గీసి ఉంచాను.

మీ తాతయ్య