పీపీపీ రోడ్లలో రిస్క్ ఎవరిది? అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో, అంటే పీపీపీలో, రోడ్డును ప్రైవేటుకు అప్పగిస్తే రిస్క్ అంతా వాళ్లదే.

వాస్తవం: ఏ రిస్క్‌ను ఎవరు అదుపు చేయగలరో అది వాళ్ల మీద పెట్టాలన్నది మూలసూత్రం. నిర్మాణ ఖర్చు, జాప్యం, నిర్వహణ ఆపరేటర్ చేతిలో ఉంటాయి. భూసేకరణ, అనుమతులు, చట్టంలో మార్పు ప్రభుత్వ చేతిలో ఉంటాయి. అందుకే మన జాతీయ రహదారుల్లో, ప్రైవేటు కంపెనీ రోడ్డు కట్టి, నడిపి, చివరికి ప్రభుత్వానికి అప్పగించే బీవోటీ ఒప్పందాల్లో గడువు లెక్క మొదలయ్యే ముందే 80 శాతం భూమి అప్పగించాలనే షరతు కనిపిస్తుంది. చిక్కంతా ట్రాఫిక్‌తోనే, ఎందుకంటే అది ఇద్దరి అదుపులోనూ లేదు.

అపోహ: ట్రాఫిక్ తగ్గితే గడువు పెంచుతారు కాబట్టి ఆపరేటర్‌కు నష్టం ఉండదు.

వాస్తవం: టోల్ నమూనా ఒప్పందం ఒక లక్ష్య ట్రాఫిక్‌ను ముందే రాస్తుంది. అసలు ట్రాఫిక్ దానికంటే 2.5 శాతానికి మించి తగ్గితే, తగ్గిన ప్రతి 1 శాతానికీ కన్సెషన్ గడువు, అంటే ఆపరేటర్‌కు టోల్ వసూలు హక్కు ఉండే కాలం, 1.5 శాతం పెరుగుతుంది. గరిష్ఠంగా 20 శాతం.

20 ఏళ్ల కన్సెషన్, రోజుకు 50,000 పీసీయూల, అంటే అన్ని వాహనాలనూ కార్ల లెక్కలోకి మార్చిన సంఖ్య, లక్ష్యం అనుకుందాం. వచ్చింది 45,000. లోటు 10 శాతం, పెంపు 15 శాతం, అంటే 3 ఏళ్లు. లోటు 30 శాతమైతే? పరిమితి వల్ల 4 ఏళ్లే. పెద్ద దెబ్బకు పెద్ద మందు లేదన్నమాట.

అసలు లోపం ఇంకోటుంది. పెంచిన ఏళ్ల టోల్ 21వ ఏట మొదలవుతుంది. బ్యాంకు వాయిదాలేమో ముందు 12, 15 ఏళ్లలోనే కట్టాలి. 11 శాతం వడ్డీతో లెక్కిస్తే 21వ ఏట వచ్చే 100 రూపాయల నేటి విలువ దాదాపు 11 రూపాయలే. కాగితం మీద లాభదాయకంగా కనిపించే ప్రాజెక్టు ఐదో ఏటే వాయిదా ఎగ్గొట్టడానికి కారణమిదే. ఫైలు చూసేటప్పుడు మొత్తం టోల్ రాబడి కన్నా, ఏటా చేతికొచ్చే నగదు ఆ ఏటి అప్పు వాయిదాకు ఎన్ని రెట్లుందో ముందు చూడండి. 1.2 రెట్లే ఉన్నచోట ట్రాఫిక్ 10 శాతం తగ్గినా ఊపిరాడదు: ఖర్చులు తగ్గవు గనుక నగదు అంతకంటే ఎక్కువే పడిపోతుంది.

అపోహ: హామ్ అనే హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో ఆపరేటర్‌కు రిస్కే లేదు.

వాస్తవం: 2016లో వచ్చిన ఈ పద్ధతిలో టోల్ ప్రభుత్వానిదే, కాబట్టి ట్రాఫిక్ రిస్క్ ఆపరేటర్‌కు లేదు. ప్రాజెక్టు వ్యయంలో 40 శాతం నిర్మాణ సమయంలోనే అందుతుంది, మిగతాది ఆరునెలల వాయిదాల్లో 15 ఏళ్ల పాటు వస్తుంది. నిర్మాణ వ్యయం తక్కువ చూపి బిడ్ గెలిచినవారికి మాత్రం ఆ తేడా ఎవరూ తీర్చరు.

అపోహ: ఆపరేటర్ చేతులెత్తేస్తే అప్పు మునిగినట్టే.

వాస్తవం: టోల్ నమూనా ఒప్పందంలో, రోడ్డు వాడకంలోకి వచ్చాక ఆపరేటర్ తప్పుతో రద్దయితే, బీమా సొమ్ము పోను మిగిలిన అప్పులో 90 శాతం ప్రభుత్వం చెల్లిస్తుంది. రోడ్డు పూర్తికాకముందే అదే తప్పు జరిగితే చాలాకాలం పాటు ఏమీ వచ్చేది కాదు. కాబట్టి బ్యాంకు భయం ఎక్కువగా నిర్మాణ దశ మీదే ఉంటుంది, ట్రాఫిక్ అంచనాను గట్టిగా ప్రశ్నించాల్సిన అవసరం దానికి అంతగా కనిపించదు.